ఆఫీసు ఈమెయిలు – 5వ పాఠం: మాట, గుర్తు, ఆ తర్వాతే ఖాళీ

పోయిన పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. ‘లిఫ్టు’ అని ఒక్క మాటతో ఉన్న సబ్జెక్టు లైనును అవతలివాళ్లకు పని తెలిసేలా మార్చమన్నాను. ‘బి బ్లాకు లిఫ్టు మూడో అంతస్తులో ఆగిపోతోంది, శుక్రవారం మనిషి కావాలి’ అంటే సరిపోతుంది. మీరు ఇంకోలా రాసి ఉండవచ్చు. ఎక్కడ, ఏమైంది, ఏం కావాలి అన్న మూడూ ఉంటే అదీ సరైనదే.

ఇప్పుడు అదే ఉత్తరం లోపలికి వెళ్దాం. అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి లిఫ్టు కంపెనీకి రాసిన ఉత్తరం అనుకోండి. ఉత్తరం నేను కల్పించిందే కానీ, అందులోని తప్పులు మాత్రం నేను రోజూ చూసేవే.

```
నమస్కారం ,
మా అపార్ట్‌మెంటు లిఫ్టు ఈ నెల 3 నుంచి ఆగిపోతోంది.మీ మెకానిక్ రెండుసార్లు వచ్చి చూశారు ,కానీ సమస్య తీరలేదు .  మూడో అంతస్తులో తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు.ఫొటో (lift3.jpg )జత చేశాను.
మీరు పంపిన రూ.18, 500 బిల్లు అందింది .శుక్రవారం ఉదయం 10.30కి మనిషిని  పంపగలరా ?
```

అక్షరదోషం ఒక్కటీ లేదు. చెప్పాల్సింది చెప్పాడు, మర్యాదగానే అడిగాడు. అయినా ఏదో హడావిడిలో, నడుస్తూ రాసినట్టు కనబడుతుంది. కిందికి వెళ్లే ముందు ఒకసారి పెన్సిలు తీసుకుని లెక్కపెట్టండి. ఖాళీ ఉండకూడని చోట ఉంటే ఒకటి, ఉండాల్సిన చోట లేకపోతే ఒకటి. నా లెక్కకు మొత్తం 14 వచ్చాయి.

నియమం చాలా చిన్నది. కామా, ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, కోలన్ ఇవన్నీ ముందున్న మాటకు చెందినవి. కొమ్ము అక్షరాన్ని వదిలి దూరంగా ఎలా ఉండదో, కామా కూడా మాటను వదిలి ఉండదు. అందుకని గుర్తుకు ముందు ఖాళీ ఉండదు, తర్వాత ఒక ఖాళీ ఉంటుంది. బ్రాకెట్లు, కొటేషన్ గుర్తులు జంటలు కాబట్టి వాటి సంగతి కొంచెం వేరు. తెరిచే గుర్తు తర్వాతి మాటకు అతుక్కుంటుంది, మూసే గుర్తు ముందు మాటకు అతుక్కుంటుంది. ఖాళీలు బయటే ఉంటాయి, లోపల కాదు.

ఇది తెలియనివాళ్లు తక్కువ. చేత్తో కాగితం మీద రాయమంటే ఆ కార్యదర్శి కూడా కామాను మాట పక్కనే, దాదాపు చివరి అక్షరం కిందనే పెడతాడు. మరి టైపు చేసేటప్పుడే ఎందుకిలా అవుతోంది? ఈ పాఠంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

పై ఉత్తరంలో ‘చూశారు ,కానీ’ అన్న చోటు చూడండి. అక్కడ తప్పులు రెండని లెక్కపెట్టాను. కామాకు ముందు ఖాళీ ఉంది, తర్వాత లేదు. కానీ ఖాళీల సంఖ్య చూస్తే ఒకటి కావాలి, ఒకటే ఉంది. ఉండాల్సిన ఖాళీ తప్పు వైపుకు వెళ్లింది, అంతే. ‘అందింది .శుక్రవారం’ దగ్గర, ‘lift3.jpg )జత’ దగ్గర జరిగింది కూడా అదే. అంటే రాసినాయన స్పేస్‌బార్ మర్చిపోలేదు, ఒక్క మెట్టు ముందుగా నొక్కాడు.

తెలుగు టైపు చేసేవాళ్లకు ఇది మరీ తేలిగ్గా జరుగుతుంది. మనలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకుంటాం. `chushaaru` అని కొట్టి స్పేస్ నొక్కితే ‘చూశారు’ అవుతుంది. అక్షరాలు మారాలంటే స్పేస్ నొక్కాలి అని వేళ్లకు అలవాటైపోతుంది. వాక్యంలో ఇక్కడ కామా కావాలి కదా అని గుర్తొచ్చేసరికి స్పేస్ పడిపోయి ఉంటుంది. అప్పుడు కామా కొడతాం. ఖాళీ ఎలాగూ ఇచ్చాం కదా అన్న లెక్కలో చెయ్యి నేరుగా తర్వాతి మాటకు వెళ్లిపోతుంది. ‘చూశారు ,కానీ’ తయారవుతుంది.

ఇలాంటి టైపింగు సాధనాల్లో చాలావాటికి స్పేసే అక్కర్లేదు. మాట కొట్టాక నేరుగా కామా నొక్కినా, ఫుల్‌స్టాప్ నొక్కినా మాట తెలుగులోకి మారుతుంది. మీరు వాడేదాంట్లో ఇప్పుడే చూసుకోండి. ఒక మాట కొట్టండి, స్పేస్ ముట్టుకోకుండా కామా నొక్కండి. మారితే మీ సమస్యలో సగం ఇక్కడే తీరింది. ఇకమీదట వరుస ఇది: మాట, గుర్తు, ఆ తర్వాత ఖాళీ. మారకపోతే స్పేస్ నొక్కక తప్పదు. అప్పుడు బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కి కామా పెట్టడం అలవాటు చేసుకోవాలి. మొదటి రెండు రోజులు విసుగ్గానే ఉంటుంది.

ఫోనులోనూ ఇలాంటిదే ఒకటుంది. కీబోర్డు పైన చూపించే మాటల్లోంచి ఒకటి ఎంచుకుంటే, దాని తర్వాత ఖాళీ అదే వేసేస్తుంది. కొన్ని కీబోర్డులు వెంటనే మీరు కామా కొడితే ఆ ఖాళీని వెనక్కి తీసేస్తాయి, కొన్ని తియ్యవు. ఇంకొన్ని కామా తర్వాత కూడా సొంతంగా ఖాళీ ఇస్తాయి. మాటలకు అది మంచిదే. అంకెల దగ్గరికి వచ్చేసరికి రూ.18, 500 అవుతుంది. అవతల బిల్లులు చూసే మనిషికి అది పద్దెనిమిది రూపాయలా, అయిదు వందలా అని ఒక్క క్షణం తడబాటు. అంకెల లోపలి కామాకు, చుక్కకు ఖాళీ ఎటువైపూ ఉండదు: 18,500, 2.5, 10.30.

ఇక ఫుల్‌స్టాప్ తర్వాత రెండు ఖాళీలు. ఇది నిర్లక్ష్యం కాదు, చదువు. టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి లోయర్, హయ్యర్ పాసైన తరానికి వాక్యం అయ్యాక రెండుసార్లు స్పేస్ నొక్కాలని నేర్పారు. నాకూ అలాగే నేర్పారు. టైపుమిషన్ మీద ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. సన్నటి అక్షరం చుట్టూ కూడా బోలెడు జాగా మిగిలేది కాబట్టి, వాక్యం ఎక్కడ ముగిసిందో తెలియడానికి కొంచెం పెద్ద ఎడం పనికొచ్చేది. కంప్యూటర్ ఫాంట్లలో చాలావాటికి ఏ అక్షరం వెడల్పు దానిదే, కాబట్టి ఒక్క ఖాళీ చాలు. 2020లో మైక్రోసాఫ్ట్ వర్డ్ కూడా రెండు ఖాళీలను తప్పుగా గీత గీసి చూపడం మొదలుపెట్టింది. నా బొటనవేలికి ఆ వార్త ఇంకా పూర్తిగా అందలేదు.

మాటల మధ్య వచ్చే ‘మనిషిని  పంపగలరా’ లాంటి జంట ఖాళీ మాత్రం వేరే కారణంతో వస్తుంది. ముందు అక్కడ ఇంకో మాట ఉండేది. ‘మనిషిని తప్పక పంపగలరా’ అని రాసి, మరీ గట్టిగా ఉందని ‘తప్పక’ తీసేశాడు. మాట పోయింది, దానికి అటూ ఇటూ ఉన్న ఖాళీలు మిగిలాయి. ఉత్తరంలో ఇలాంటి ఖాళీ కనబడితే అక్కడేదో చెరిపారని నాకు అర్థమవుతుంది. మాటను చెరిపేటప్పుడు దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి, డిలీట్ నొక్కి, ఆ చోటు మళ్లీ ఒకసారి చూడండి.

ఫుల్‌స్టాప్ తర్వాత ఖాళీ వదలకపోతే చూపుకు బాగుండకపోవడం ఒక్కటే కాదు, ఇంగ్లిష్ ఉత్తరాల్లో ఒక తమాషా జరుగుతుంది. కింది వాక్యం చూడండి.

```
Please check the bill.In case of delay, call me.
```

ఇందులో `bill.In` అన్నది యంత్రానికి వెబ్‌సైటు చిరునామాలా కనబడుతుంది, ఎందుకంటే `.in` భారతదేశానికి కేటాయించిన కొస. మెసేజి యాప్‌లు, కొన్ని మెయిల్ యాప్‌లు దాన్ని నీలం రంగు లింకుగా మార్చేస్తాయి. వేలు తగిలితే చదివేవాళ్లు ఎవరిదో సైటుకు వెళ్లిపోవచ్చు. ఇలా దొరికిపోయే చిన్న మాటలు ఇంకా ఉన్నాయి. `.it` ఇటలీది, `.is` ఐస్‌లాండుది, `.so` సోమాలియాది, `.my` మలేషియాది, `.me` మాంటినిగ్రోది, `.to` టోంగాది. ఇంగ్లిష్‌లో వాక్యం మొదలయ్యేది చాలాసార్లు ఈ మాటలతోనే. తెలుగు వాక్యానికి ఈ బెడద లేదు. కానీ ‘ఆగిపోతోంది.మీ’ అన్నదాన్ని తెర ఒకే పొడవాటి మాట అనుకుంటుంది. పంక్తి చివర పట్టకపోతే మొత్తంగా కిందికి దింపేస్తుంది, పైన కుడివైపు బోసిగా మిగులుతుంది. దీనికి పూర్తిగా ఎదురు కామా ముందు ఖాళీ. అక్కడ పంక్తి విరిగితే కామా ఒక్కటే కింది పంక్తి మొదట్లో పడే వీలుంది. మీ కంప్యూటర్ తెర మీద విరగని పంక్తి వాళ్ల ఫోనులో విరుగుతుంది కాబట్టి, పంపేముందు ఇది మీకు కనబడదు.

ఇప్పుడు లిఫ్టు ఉత్తరాన్ని సరిచేద్దాం. ఇంత చిన్న ఉత్తరానికి కళ్లే చాలు, కానీ పద్ధతి తెలిస్తే నాలుగు పేజీల నివేదికకూ అదే పనికొస్తుంది. మెయిల్ రాసే పెట్టెలో వెతికి మార్చే సదుపాయం సాధారణంగా ఉండదు. ఉత్తరాన్ని వర్డ్‌లోకో నోట్‌ప్యాడ్‌లోకో తెచ్చుకుని `Ctrl+H` నొక్కండి. రెండు గళ్లు వస్తాయి. పై గడిలో వెతకాల్సింది, కింది గడిలో దాని బదులు పెట్టాల్సింది. ఖాళీ ఆ గళ్లలో కంటికి కనబడదు కాబట్టి ఇక్కడ దాన్ని ␣ గుర్తుతో చూపిస్తున్నాను. మీరు మాత్రం స్పేస్‌బారే నొక్కాలి.

```
␣␣   →   ␣
␣,   →   ,
␣.   →   .
␣?   →   ?
␣)   →   )
```

వరుస మార్చకండి. జంట ఖాళీలు ముందు పోవాలి. కామాకు ముందు రెండు ఖాళీలు ఉంటే, రెండో వరుస వాటిలో ఒక్కదాన్నే తీస్తుంది, ఒకటి మిగిలిపోతుంది. మొదటి వరుసను కూడా ఒక్కసారి నడిపి వదిలెయ్యకూడదు. ఎనిమిది ఖాళీలు వరుసగా ఉంటే మొదటిసారికి నాలుగు, రెండోసారికి రెండు, మూడోసారికి ఒకటి అవుతాయి. ఇక ఏమీ దొరకలేదు అని అది చెప్పేదాకా `Replace All` నొక్కుతూ ఉండాలి.

మన ఉత్తరంలో జంట ఖాళీలు రెండు చోట్ల పోతాయి. కామా ముందు ఖాళీలు రెండు, ఫుల్‌స్టాప్ ముందువి రెండు, ప్రశ్నార్థకం ముందు ఒకటి, బ్రాకెట్ లోపల ఒకటి. మొత్తం 14లో 8 అయిపోయాయి. మిగిలిన ఆరూ చేత్తో చెయ్యాల్సినవి. ఇక్కడే తొందరపడి చాలామంది ఉత్తరాన్ని పాడుచేసుకుంటారు.

ఫుల్‌స్టాప్ తర్వాత ఖాళీ కావాలి కదా, ప్రతి చుక్కనూ ‘చుక్క, ఖాళీ’గా మార్చెయ్యమంటే పోలేదా? ఉత్తరంలో చుక్కలు ఎనిమిదున్నాయి. అన్నింటికీ అలా చేస్తే `lift3.jpg` మధ్యలో విరిగి ‘lift3. jpg’ అవుతుంది, 10.30 కాస్తా ‘10. 30’ అవుతుంది. ఇప్పటికే ఖాళీ ఉన్న ‘తీరలేదు.’ తర్వాత రెండు ఖాళీలు వస్తాయి. ఈమెయిలు చిరునామా ఉన్న ఉత్తరమైతే ఆ చిరునామా ఇక పనిచెయ్యదు. అందుకని పై గడిలో చుక్క, కింది గడిలో చుక్క, ఖాళీ పెట్టి `Replace All` జోలికి పోకుండా `Find Next` నొక్కుతూ వెళ్లండి. ప్రతి చుక్క దగ్గరా ఆగి, కావాల్సిన చోట మాత్రమే `Replace` నొక్కండి. నోట్‌ప్యాడ్‌లో గానీ వర్డ్‌లో గానీ ఇది అరనిమిషం పని. మన ఎనిమిది చుక్కల్లో మార్పు కావాల్సినవి మూడే: ఆగిపోతోంది, లేదు, అందింది. రూ. తర్వాత ఖాళీ ఇస్తారా మానతారా అన్నది మీ ఇష్టం. ఉత్తరం మొత్తంలో ఒకేలా ఉంటే చాలు.

కామాలకూ అదే పద్ధతి. మూడున్నాయి. ‘నమస్కారం,’ పంక్తి చివర ఉంది, దానికేమీ అక్కర్లేదు. ‘చూశారు,కానీ’ మధ్య ఖాళీ కావాలి. ‘18, 500’లో ఉన్న ఖాళీ పోవాలి. చివరికి బ్రాకెట్ బయట, ‘జత’ ముందు ఒక ఖాళీ. ఆరూ అయ్యాయి.

```
నమస్కారం,
మా అపార్ట్‌మెంటు లిఫ్టు ఈ నెల 3 నుంచి ఆగిపోతోంది. మీ మెకానిక్ రెండుసార్లు వచ్చి చూశారు, కానీ సమస్య తీరలేదు. మూడో అంతస్తులో తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు. ఫొటో (lift3.jpg) జత చేశాను.
మీరు పంపిన రూ.18,500 బిల్లు అందింది. శుక్రవారం ఉదయం 10.30కి మనిషిని పంపగలరా?
```

ఒక్క అక్షరం మారలేదు. పైదాని పక్కన పెట్టి చూసుకోండి.

ఇంత చేసినా కొన్నిసార్లు ఒక ఎడం కదలకుండా ఉండిపోతుంది. ఎక్కడినుంచో కాపీ చేసి తెచ్చిన ఉత్తరంలో ఇలా జరుగుతుంది. అది మామూలు ఖాళీ కాదు, అక్కడ పంక్తి విరగకూడదని యంత్రానికి చెప్పే ప్రత్యేకమైన ఖాళీ. మెయిల్ పెట్టెలో వరుసగా రెండుసార్లు స్పేస్ నొక్కినప్పుడు కూడా రెండింటిలో ఒకటి చాటుగా ఇదే అవుతుంటుంది. లేకపోతే ఆ రెండు ఖాళీలూ అవతలివాళ్లకు ఒక్కటిగానే కనబడేవి. వర్డ్‌లో `Ctrl+Shift+8` నొక్కితే మామూలు ఖాళీ నడుమ చుక్కలా, ఇది చిన్న సున్నాలా కనబడతాయి. సున్నాలు కనబడితే పై గడిలో `^s` అని, కింది గడిలో ఒక ఖాళీ పెట్టి వాటిని ముందుగా మార్చుకుని, ఆ తర్వాత పై వరుస మొదలుపెట్టండి.

ఈ పద్ధతిని వాడకూడని ఉత్తరం ఒకటుంది. వస్తువు, ధర, మొత్తం అంటూ నిలువు వరుసలను స్పేస్‌బార్‌తో జరిపి జరిపి అమర్చిన ఉత్తరం. జంట ఖాళీలు తీసేస్తే అది కుప్పకూలుతుంది. నిజానికి అది మీ తెర మీద తప్ప ఇంకెక్కడా నిలబడి ఉండదు. అక్షరాల వెడల్పులు వేరు కాబట్టి ఫోనులో ఎలాగూ చెదిరిపోతుంది. అలాంటి చోట పట్టికే వాడాలి, దాని సంగతి ఎనిమిదో పాఠంలో.

మామూలు చిన్న ఉత్తరాలకు ఇంత తతంగం అక్కర్లేదు. కంప్యూటర్ బ్రౌజరులో మెయిల్ రాశాక `Ctrl+F` నొక్కి కామా ఒక్కటే కొట్టండి. తెర మీద కామాలన్నీ రంగులో వెలుగుతాయి. చదవకండి, రంగు పడ్డ చోట్లు మాత్రం చూడండి. ఎడమవైపు మాటకు అతుక్కుని ఉందా, కుడివైపు ఎడం ఉందా, అంతే. తర్వాత ఫుల్‌స్టాప్ కొట్టి అదే చెయ్యండి. మనం రాసింది మనం చదివితే కన్ను అర్థం వెంట పరుగెత్తుతుంది కాబట్టి ఖాళీలు దొరకవు. మన పూర్వులు తాళపత్రాల మీద మాటల మధ్య ఎడమే లేకుండా రాసినదాన్ని చదివేవాళ్లు. ఖాళీ లేకపోయినా మాటను పోల్చుకోవడం కంటికి అంత కష్టం కాదు, అందుకే తప్పు జారిపోతుంది. వెతికేటప్పుడు చదవడం మానెయ్యాలి.

‘విషయం :-’ అని కోలన్ ముందు ఖాళీ, తర్వాత గీత పెట్టే పాత ఆఫీసు అలవాటు గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. కాగితం మీద టైపు చేసిన కాలంలో అది చెల్లింది. ఈమెయిల్లో గీత అక్కర్లేదు, ‘విషయం:’ చాలు.

ఈ వారం అభ్యాసం:

```
సార్ ,నమస్తే.నిన్న మీరు అడిగిన కొటేషన్  జత చేశాను (quote2.pdf) .ధర రూ.42,000 ,డెలివరీ  10 రోజుల్లో .సందేహాలుంటే చెప్పండి !
```

ఎనిమిది చోట్ల కలిపి 12 తప్పులున్నాయి. ముందు కంటితో పట్టుకోండి, తర్వాత `Ctrl+H`తో సరిచెయ్యండి. ఖాళీ ఉండీ తప్పు వైపుకు వెళ్లిన చోట్లు ఎన్నో విడిగా రాసుకోండి. నాలుగు రావాలి. తర్వాత మీరు నిన్న పంపిన ఉత్తరం ఒకటి తెరిచి ఇదే లెక్క తియ్యండి. ‘తప్పు వైపు’వే ఎక్కువగా ఉంటే మీరు స్పేస్ ముందుగా నొక్కుతున్నారు. జంట ఖాళీలు ఎక్కువగా ఉంటే మీరు రాసి చెరిపేవారు, లేదా నాలాగా టైపు ఇన్‌స్టిట్యూట్ మనిషి.

‘మెకానిక్ కి’, ‘శుక్రవారం లోగా’ అని విభక్తిని మాట నుంచి విడగొట్టాలా, కలపాలా అన్నది ఆరో పాఠం.